నాలుగో ఎర్ర గోలీ

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్లు లేవకముందే చక్రపాణి సార్ మొహం లేచింది. బస్ డిపో ఎదురుగా, రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ మీద, చేతులు కట్టుకుని, తల వెనక సూర్యకిరణాలతో ఉండేవాడు. ఆ కిరణాలు ఫ్లెక్సీ వాడు ఉచితంగా పెట్టినవి. దేవుళ్లకీ నాయకులకీ పెట్టి మిగిలినవి కాబోలు. కింద పసుపు అక్షరాల్లో 'షార్ట్‌కట్ చక్రపాణి' అని ఉండేది.

నేను ఆయన లెక్కల క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. ఆ ఫీజు కట్టగలిగే ఇంట్లో పుట్టలేదు. ఆయన మెటీరియల్‌ని కోఠి ఫుట్‌పాత్ మీద, ఎవరో అండర్‌లైన్ చేసి వదిలేసిన పాత ప్రతి కొని చదువుకున్నాను. దాని మొదటి పేజీలోనే ఆయన సూత్రం పెద్ద అక్షరాల్లో ఉండేది: బొమ్మ చూడొద్దు, ప్రశ్న చదవండి. ఎంట్రన్స్ పరీక్షల్లో బొమ్మలు కొలత ప్రకారం గీయరు. లంబకోణంలా కనిపించేది లంబకోణం కాదు, సమానంగా కనిపించే గీతలు సమానం కావు. బొమ్మని నమ్మినవాడు మోసపోతాడు, మాటని నమ్మినవాడు సీటు కొడతాడు. పాతికేళ్లపాటు ఆయన ఈ ఒక్క మాట మీద బతికాడు. వేలమంది పిల్లలు ఆ మాట మీద ఇంజనీర్లయ్యారు. వాళ్లు కట్టిన ఫ్లైఓవర్లు నిలబడే ఉన్నాయి కాబట్టి సూత్రంలో తప్పేమీ లేదనే అనుకోవాలి.

ఆయనది చౌటుప్పల్ దాటాక లోపలికి వెళ్లే ఒక ఊరు. తండ్రి బిక్షమయ్య లారీ మీద క్లీనర్‌గా ఎక్కి డ్రైవర్‌గా దిగినవాడు. కొడుకుని ఎమ్మెస్సీ చదివించి, దిల్‌సుఖ్‌నగర్‌లో దించి, ఇంక నీ స్టీరింగ్ నువ్వు పట్టుకో అన్నాడట. చక్రపాణి పట్టుకున్నాడు. మీర్‌పేట్‌లో ఇల్లు కట్టాడు, స్కూటర్ కొన్నాడు, ఇంద్రాణి గారిని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడకి ఆయన సూత్రం మీద వేరే అభిప్రాయం ఉంది. ఆయనతో కలిసి పనిచేయడం మొదలయ్యాక ఒకసారి వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే, ఆయన పప్పు ఏదని అడిగాడు. పప్పు ఆయన మోచేతి పక్కనే ఉంది. ఆవిడ నాకేసి చూసి, "సూస్తున్నవ గద తమ్మీ. ఈయనకు కండ్లు చెవులల్ల ఉన్నయి. జెప్తెనే కనవడుతది," అంది. అందులో నిజం ఎంతుందో నాకు తర్వాత అర్థమైంది.

కార్పొరేట్ కాలేజీలు ఒకదాన్నొకటి మింగుతూ పోయి, చివరికి ఆయన్ని కూడా మింగి, జీర్ణం కాక బయటికి వదిలాయి. కుర్రవాళ్లు తక్కువ జీతానికి దొరుకుతున్నారు, టైలు కట్టుకుంటున్నారు, ఇంగ్లిష్‌లో జోకులు వేస్తున్నారు. అలా ఆయన, ఒకనాటి తన ఫ్లెక్సీకి ఎదురుగా ఉన్న చీరల షోరూం పైన, మూడో అంతస్తులో, నా పక్క కుర్చీలోకి వచ్చాడు. అది డౌట్లు తీర్చే యాప్ వాళ్ల ఆఫీసు. పిల్లలు తమకి రాని లెక్కని ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు, మేము చేసి పంపుతాం. నాది ఫిజిక్స్ బల్ల, ఆయనది మ్యాథ్స్ బల్ల. మెట్లెక్కుతుంటే చీరల గంజి వాసన, పైకి వచ్చాక ఏసీ వాసన. రెంటికీ మధ్య ఎక్కడో ఒక మనిషి విలువ మారిపోతుంది.

నిజానికి మా కంటే ముందు ఫొటోని సాఫ్ట్‌వేర్ చూస్తుంది. సార్ దాన్ని మిషన్ అంటాడు. మిషన్‌కి వచ్చినవన్నీ అది చేసేస్తుంది, దానికి రానివి మా దగ్గరికి వస్తాయి. అంటే రోజురోజుకీ మా దగ్గరికి వచ్చేవి తగ్గుతాయి, వచ్చినవి కష్టంగా ఉంటాయి. మేము పంపిన ప్రతి జవాబు కింద క్వాలిటీ వాళ్లు ఒక గుర్తు పెడతారు. ఒప్పయితే ఆకుపచ్చ, తప్పయితే ఎరుపు.

క్వాలిటీ అంటే వెంకట్రావు గారు. ఆయనది తెనాలి వైపు. ఇంజనీరింగ్ చదివి, ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసి, అక్కడినుంచి ఎలాగో విద్యారంగంలోకి దొర్లుకుంటూ వచ్చాడు. మంచివాడే. కాకపోతే ప్రతి జవాబూ 'సబబుగా' ఉండాలంటాడు. లెక్క సరిగ్గా ఉండటం వేరు, సబబుగా ఉండటం వేరని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆ నెల సార్‌కి అప్పటికే ఎర్ర గుర్తులు హద్దు దాకా వచ్చి ఉన్నాయి. కొన్ని న్యాయమైనవి, కొన్ని సబబు కానివి. ఇంకొక్కటి పడితే ఆయన మ్యాథ్స్ ఐడీ మూసేసి, ఎల్బీనగర్‌లో ఉన్న కాలింగ్ బల్లకి పంపిస్తారని వెంకట్రావు గారు ముందే మర్యాదగా చెప్పాడు. కాలింగ్ బల్ల అంటే తల్లిదండ్రులకి ఫోన్లు చేసి కోర్సులు అంటగట్టడం. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులంటే ఇప్పుడు ఎవరు? సార్ దగ్గర పాతికేళ్ల కింద చదువుకున్నవాళ్లే. "నేను షార్ట్‌కట్లు జెప్పిన పోరగాండ్లకు ఫోన్ జేసి, మీ పిల్లలకు ప్యాకేజీ దీస్కోండ్రి అని అడుక్కోవాల్నా తమ్మీ?" అని నాతో ఒక్కసారే అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ రోజునుంచి ప్రతి జవాబూ పంపేముందు పెదాలు కదుపుతూ రెండోసారి చదువుకునేవాడు.

అలాంటప్పుడు ఆ ఫొటో వచ్చింది.

పంపింది అల్మాస్‌గూడ నుంచి సింధు అనే ఇంటర్ పిల్ల. రెండు చిత్రాలు. ఒకటి వర్క్‌షీట్ పేజీ. ఆ కాలేజీలో లెక్చరర్ ఎవరో కొత్తగా ఆలోచించాడు పాపం. పిల్లలందరూ రంగు గోలీల చాక్లెట్ ప్యాకెట్ ఒకటి కొని, ప్లేటులో పోసి, ఫొటో తీసి, దాని మీద లెక్క చేయాలన్నాడు. ప్రశ్న ఇలా ఉంది: ఫ్యాక్టరీలో కలిపిన పెద్ద రాశిలో గోలీలు నూటికి ముప్ఫై ఎరుపు, ఇరవై పసుపు, ఇరవై ఆకుపచ్చ, ఇరవై నారింజ, పది నీలం. ప్యాకెట్‌కి పది గోలీలు. నీ ఫొటోలో ఏ రంగు ఎన్ని ఉన్నాయో, ఒక ప్యాకెట్‌లో సరిగ్గా అన్నే వచ్చే సంభావ్యత ఎంత? రెండో చిత్రం ఆ ఫొటో. స్టీలు ప్లేటు, పక్కన చింపిన నారింజ రంగు కవరు, పైన ట్యూబ్‌లైటు, ప్లేటులో పది గోలీలు, వాటి నీడలు.

మిషన్ దీన్ని చేయలేదు. 'చిత్రంలో రంగులు స్పష్టంగా లేవు' అని రాసి మా వైపు తోసేసింది. ఆ రోజు మా ఆఫీసులో ఆ ఫొటోని నిజాయితీగా చూసింది అదొక్కటే.

సార్ చూశాడు. అంటే, ప్రశ్న చదివాడు. ముప్ఫై, ఇరవై, ఇరవై, ఇరవై, పది. పది గోలీలు. ఆయన మొహం వెలిగింది. "పదిల ముప్ఫై శాతమంటే మూడు, ఇరవై అంటే రెండు రెండు రెండు, పదంటే ఒకటి. మూడు, రెండు, రెండు, రెండు, ఒకటి. కలిపితే పది. ఒక్క ముక్క గూడ ఇరగలె. లెక్క బెట్టినోడు కావాల్నని కుదిరిచ్చిండు తమ్మీ," అన్నాడు. ఫొటో మీదికి చూపు ఒకసారి జార్చాడు. అక్కడ కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి ఉన్నాయి, ఒక నీలం ఉంది. చాలు. బొమ్మ ఎప్పుడూ ప్రశ్నకి నౌకరే.

తర్వాత ఆయన చేసింది మాత్రం చూడ్డానికి ముచ్చటగా ఉంది. ముందు ఒకే ఒక వరుస తీసుకోమన్నాడు. మొదట మూడు ఎర్రవి, తర్వాత రెండు పసుపు, ఇలా సరిగ్గా ఈ వరుసలోనే గోలీలు పడాలంటే, రాశి పెద్దది కాబట్టి ఒక గోలీ సంగతి ఇంకోదానికి పట్టదు, అన్నీ గుణించుకుంటూ పోవడమే. 0.3 మూడుసార్లు, 0.2 ఆరుసార్లు, 0.1 ఒకసారి. జవాబు దశాంశ బిందువు తర్వాత ఆరు సున్నాలు దాటాక మొదలవుతుంది: 0.0000001728. "గింతే. కానీ గోలీలు వరుసగట్టి రావు గద. ఎట్ల కలిసొచ్చినా మనకు అదే ప్యాకెట్," అన్నాడు. కాబట్టి ఆ పది గోలీలని ఎన్ని వరుసల్లో పేర్చవచ్చో కావాలి. పది ఫ్యాక్టోరియల్‌ని మూడు ఫ్యాక్టోరియల్‌తో, మూడుసార్లు రెండు ఫ్యాక్టోరియల్‌తో భాగిస్తే డెబ్బై అయిదువేల ఆరువందలు. రెండూ గుణిస్తే 0.01306. అంటే నూటికి ఒకటి కంటే కొంచెం ఎక్కువ. రెండోసారి పెదాలు కదుపుతూ చదువుకుని పంపించాడు.

చాయ్ వచ్చేలోపే ఎర్ర గుర్తు పడింది.

వెంకట్రావు గారు స్వయంగా మా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనకి బాధగానే ఉంది. చెడ్డవార్త చెప్పేటప్పుడు కుర్చీ లాక్కుని కూర్చోవడం ఆయనకి ట్రైనింగ్‌లో నేర్పారు.

"ఏంటండీ చక్రపాణి గారూ ఇది? కంపెనీ ముప్ఫై శాతం ఎరుపన్నది, మూడొచ్చాయి. ఇరవై అన్నది, రెండొచ్చాయి. ఎంత చెప్పిందో అంతే వచ్చింది కదండీ. మరి నూటికి తొంభై ఉండాలి, పోనీ ఎనభై ఉండాలి. మీరు ఒకటి అంటే ఎలాగండీ? సబబుగా లేదు."

సార్ లేచి నిలబడ్డాడు. నేను ఆయన క్లాసు చూడలేదన్న లోటు ఆ రోజు తీరింది. ఆయన మార్కర్ తీసుకుని, బోర్డు లేక, ఏసీ కింద ఉన్న గాజు తలుపు మీదే రాశాడు.

ముందు రూపాయి బిళ్ల తీసుకోమన్నాడు. పదిసార్లు ఎగరేస్తే సగం బొమ్మ, సగం బొరుసు రావాలని లోకమంతా అంటుంది. సరిగ్గా అయిదూ అయిదూ వచ్చే అవకాశం ఎంత? వెయ్యిన్ని ఇరవై నాలుగులో రెండువందల యాభై రెండు. పావు వంతు కూడా నిండదు. మిగతా మూడు వంతులు ఆరూ నాలుగో, ఏడూ మూడో, ఇంకోటో. అది రెండు ముఖాల సంగతి. ఇక్కడ అయిదు రంగులు. పది గోలీలని అయిదు రంగులకి పంచే తీర్లు ఎన్ని? వెయ్యిన్నొక్కటి. "గా వెయ్యిన్నొక్క తీర్లు అన్నీ గీ నూరు శాతం కోసం కొట్లాడుతున్నయి ఎంకట్రావు గారు. అందరికి సమానంగ పంచితే ఒక్కొక్కదానికి వెయ్యిట్ల ఒకటి రాదు. మన ప్యాకెట్‌కు దానికి పదమూడింతలొచ్చింది. అన్నిట్ల పెద్ద వాటా దానిదే. పెద్ద వాటా అంటే మొత్తం ఆస్తి గాదు."

వెంకట్రావు గారు చాలాసేపు తలుపు వైపు చూశాడు. తలుపు అవతల ఉన్నవాళ్లకి అంకెలు తిరగబడి కనిపిస్తున్నాయి, వాళ్లు కూడా చూశారు. అప్పుడాయన ఒక పెద్దమనిషి చేసే పని చేశాడు. సీటు దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క తీరుకీ వచ్చే అంకె కంప్యూటర్‌లో వేయించి, పెద్దది ఏదో చూసి, తిరిగి వచ్చి, మీరు చెప్పిందే కరెక్టండీ అన్నాడు. ఎర్ర గుర్తు ఆకుపచ్చ అయింది. దాన్ని ఈ వారం మేటి వివరణ అని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తలుపు మీద రాసింది తుడవొద్దని ఊడ్చే సుక్కమ్మకి చెప్పారు. సార్ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి పడిపోయే ముందు సరిగ్గా నోట్లో పెట్టుకున్నాడు. అంత నిబ్బరంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఎల్బీనగర్ వెనక్కి పోయింది, ఫ్లెక్సీలోని కిరణాలు కొంచెం మళ్లీ వెలిగాయి.

గ్లాసు కింద పెట్టేలోపు సింధు నుంచి మెసేజ్ వచ్చింది. 'థాంక్యూ సర్. బాగా అర్థమైంది. కానీ ఎరుపు నాలుగు, నారింజ ఒకటే కదా సర్?'

సార్ నవ్వాడు. పిల్లలు ఫొటో సరిగ్గా చూడరన్నాడు. నారింజ రెండు ఉన్నాయి, మళ్లీ లెక్కపెట్టమ్మా అని టైపు చేశాడు. వెంటనే జవాబొచ్చింది: 'లెక్కపెట్టుకుంటూనే తిన్నాను సర్. ముందు ఎర్రవి తిన్నాను. నాలుగు.'

సాక్ష్యం కడుపులో ఉంది. మిగిలింది ఫొటో ఒక్కటే. అప్పుడు, పాతికేళ్ల అనుభవంలో బహుశా మొదటిసారి, చక్రపాణి సార్ ఒక బొమ్మని పెద్దది చేసి చూశాడు.

కవరు పక్కన ఉన్న గోలీ చిన్న సైజులో నారింజే. పెద్దది చేస్తే, ట్యూబ్‌లైటు వెలుగు కవరు మీద పడి, ఆ నారింజ ఛాయ గోలీ మీద సగం దాకా దుమికింది. ఇంకో సగం, నీడలో ఉన్న సగం, శుభ్రమైన ఎరుపు. పక్కనున్న మూడు ఎర్రవాటితో కలిపితే నాలుగు. అసలు నారింజ ప్లేటు ఆ చివర ఒక్కటే, బిక్కుబిక్కుమంటూ ఉంది. సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. గోలీ మారలేదు.

చిత్తుకాగితం తీసుకుని మళ్లీ చేశాడు. ఇప్పుడు నాలుగు ఎరుపు, రెండు పసుపు, రెండు ఆకుపచ్చ, ఒక నారింజ, ఒక నీలం. ఒక్క వరుస అవకాశం కొంచెం పెరిగింది, ఎందుకంటే రాశిలో నారింజ కంటే ఎరుపు ఎక్కువ: 0.0000002592. కానీ వరుసలు సరిగ్గా సగమయ్యాయి, ముప్ఫై ఏడువేల ఎనిమిదివందలు. గుణిస్తే 0.0098. నూటికి ఒకటి కూడా లేదు. మొదటి జవాబులో ముప్పాతిక వంతు.

గాజు తలుపు మీద ఉన్నదంతా నిజమే. ప్రతి అంకె సరైనదే. ఆ ప్యాకెట్ ఒక్కటే ఎక్కడా లేదు.

నేను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఎవరు చూస్తరు సార్, వదిలేయండి అన్నాను. నిజంగానే ఎవరూ చూడరు. పిల్ల మెసేజ్‌కి జవాబివ్వకపోతే సాయంత్రానికి ఆ డౌట్ దానంతట అదే మూసుకుపోతుంది, ఆకుపచ్చ గుర్తుతోనే. జవాబు మార్చి పంపితే మాత్రం సాఫ్ట్‌వేర్ మొదటిది తప్పని లెక్క వేసుకుని దానంతట అదే ఎర్ర గుర్తు పెడుతుంది. ఆ గుర్తుని వెంకట్రావు గారు కూడా తుడవలేడు. నిజం చెప్పినవాడికి ఎరుపు, మెదలకుండా ఉన్నవాడికి ఆకుపచ్చ. ఆ పద్ధతి రాసిన ఇంజనీరు ఎవరో గానీ, సార్ దగ్గర చదువుకున్నవాడే అయ్యుండాలి. మనిషిని చూడలేదు, నియమం చదివాడు.

వెంకట్రావు గారిని పిలిచి చూపించాడు సార్. ఆయన ఫొటో వైపు వంగి చూసి, నిటారుగా అయి, మెడ రుద్దుకున్నాడు.

"మీరు ఇప్పుడు మెథడ్ అంతా కరెక్టుగానే చెప్పారు కదండీ. గ్రూపులో కూడా పెట్టాను. రంగు విషయం ఫొటో లోపం అనుకోవచ్చు. వదిలేయండి, చక్రపాణి గారూ. నా మాట వినండి."

"మిషన్ గదే చెప్పింది గద సార్, రంగులు సరిగ లెవ్వని," అన్నాడు సార్. "దానికి ఎర్ర గుర్తు వడలేదు. నాకు పడాలె."

"మీ ఇష్టమండీ. నేను చెప్పాల్సింది చెప్పాను."

ఇక్కడ ఆయన్ని మహాత్ముణ్ని చేయాలని నాకు లేదు. అది పూర్తిగా నిజాయితీ కాదు. అందులో సగం పొగరు. ఒక ఇంటర్ పిల్ల ఫోన్‌లో తన పేరు కింద తప్పు అంకె ఉండిపోతుంది, ఆ పిల్ల అది తప్పని తెలిసి కూడా మర్యాద కొద్దీ ఊరుకుంటుంది. ఆ మర్యాదే ఆయన భరించలేకపోయాడు. తప్పుని క్షమించవచ్చు. అల్మాస్‌గూడలో ఎవరో నోరు ఎర్రగా చేసుకుని నవ్వుకోవడాన్ని క్షమించలేడు.

పంపే మీట మీద వేలు పెట్టాడు. "ఇంద్రాణికి ఏం జెప్పాలె?" అని అడిగాడు, నన్ను కాదు. తర్వాత నొక్కాడు. 'నువ్వు చెప్పిందే కరెక్టమ్మా. ఎరుపు నాలుగు. జవాబు 0.0098. నేను ఫొటో చూడలేదు.' గుర్తు ఎర్రగా మారింది. గోలీ కంటే చాలా స్పష్టమైన ఎరుపు, ట్యూబ్‌లైటు కింద కూడా.

సింధు నుంచి ఒక పసుపు నవ్వు బొమ్మ వచ్చింది. అంతే.

సోమవారం నుంచి ఆయన ఎల్బీనగర్. మొబైల్ షాపు పైన పొడుగు గది, వరుసగా బల్లలు, చెవులకి తగిలించుకునే మైకులు. మీర్‌పేట్ నుంచి దారి దగ్గరే, అదొక్కటే లాభం అని ఆయనే అన్నాడు. ఇక్కడ మా ఆఫీసులో ఆయన కుర్చీలో ఎవరినీ పెట్టలేదు. రంగులు స్పష్టంగా లేని ఫొటోలు వస్తే ఇప్పుడు మిషన్ పిల్లలకే తిప్పి పంపుతోంది, సరిగ్గా తీసి పంపమని. తలుపు మీది లెక్కని ఎవరూ చెరపలేదు. కొత్తగా చేరినవాళ్లకి వెంకట్రావు గారు దాన్ని చూపిస్తూ, ఇలా ఉండాలండీ వివరణ అంటున్నాడు. చక్రపాణి గారి పేరు చెప్తాడు, ఎర్ర గోలీ సంగతి చెప్పడు.

మొన్న పనిమీద ఎల్బీనగర్ వెళ్లి, ఆయన బల్ల దగ్గర కూర్చున్నాను. టిఫిన్ డబ్బా మూతలో రంగు గోలీలు పోసి ఉన్నాయి. ఆయన వాటిని తినడం లేదు, ఒక్కొక్కదాన్నీ వేలితో తిప్పి రెండువైపులా చూస్తున్నాడు. రోజూ ఒక ప్యాకెట్ కొంటున్నాడట. ఇంకా మూడు రెండు రెండు రెండు ఒకటి పడలేదట. పడకపోవడంలో వింతేమీ లేదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా కొంటున్నాడు.

ఫోన్ మోగింది. అవతల సంతోషి అనే ఒకావిడ, నాగోల్ నుంచి. తన కొడుకు సంగతి. సార్ గొంతు వినగానే గుర్తుపట్టింది. ఒకప్పుడు ఆయన క్లాసులో వెనక బెంచీ అట. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఏ ఘడియ వస్తుందని ఎర్ర గుర్తుకి భయపడ్డాడో అది నా కళ్లముందే వచ్చింది. నేను వినాలనో, తనకి తోడుగానో, స్పీకర్ నొక్కాడు. ఆవిడ తడుముకోకుండా అడిగింది: ఈ కోర్సు తీసుకుంటే మా వాడికి మేము అనుకున్న ర్యాంకు, అనుకున్న కాలేజీ, అనుకున్న బ్రాంచి వస్తాయా? ఆయన ముందున్న కాగితంలో ఈ ప్రశ్నకి జవాబు అచ్చు వేసి ఉంది. గ్యారంటీ అనాలి.

సార్ ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత మూతలోని గోలీల వైపు చూశాడు.

"అబద్ధం జెప్పను సంతోషి. అన్నీ సరిగ్గ అనుకున్నట్టే రావాల్నంటె నూటికి ఒకటి అనుకో. కాకపోతే వచ్చే తీర్లన్నిట్ల గదే జర ఎక్కువ. గంతే."

ఆవిడ ఫోన్ పెట్టేస్తుందని నేను అనుకున్నాను. సార్ కూడా అనుకున్నాడు, వేలు అప్పటికే తర్వాతి నంబరు మీద ఉంది.

"అన్నిట్ల ఎక్కువ మాదే అంటున్నరు గద సార్," అంది ఆవిడ, గొంతు తేలికై. "మీరు జెప్పిన్రంటె ఇంగ వచ్చినట్టే. లింకు పంపుండ్రి, కట్టేస్త."

ఆయన ఏదో చెప్పబోయాడు. పెద్ద వాటా అంటే మొత్తం ఆస్తి కాదని కాబోలు. ఆవిడ అప్పటికే ఇంట్లోవాళ్లని పిలిచి చెప్తోంది. ఇలాంటి ఫోన్లతోనే ఎల్బీనగర్ బల్ల మీద అమ్మకాల్లో ఆయన అందరికంటే ముందున్నాడని, వచ్చే నెల ఫ్లెక్సీ మీద మళ్లీ ఆయన ఫొటో వేస్తారని అక్కడివాళ్లు నాతో చెప్పారు. సార్ లింకు పంపించాడు. తర్వాత మూతలోంచి ఒక గోలీ తీసి, కిటికీ వెలుగులో పెట్టి, ఎరుపేనని తేల్చుకుని నోట్లో వేసుకున్నాడు.